గ్రాఫు వాలు చెప్పే ఉత్తేజన శక్తి: 103 పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంత?

రసాయన చర్య జరగడానికి అణువులు ఉంటే చాలదు. వాటిలోని పాత బంధాలు సడలి కొత్త అమరిక వైపు మళ్లడానికి కొంత కనీస శక్తి కావాలి. దాన్నే ఉత్తేజన శక్తి అంటారు. ఈ శక్తిని నేరుగా చూపించే మీటరు ఏదీ లేదు. చర్య వేగాన్ని రకరకాల ఉష్ణోగ్రతల దగ్గర కొలిచి, ఉష్ణోగ్రతతో పాటు ఆ వేగం ఎంత తీవ్రంగా మారుతుందో చూసి, దాన్నుంచి ఉత్తేజన శక్తిని రాబట్టాలి. అంటే ఇది కొలత కాదు, కొలతల నుంచి వేసిన అంచనా. అంచనా కాబట్టి దాని పక్కన అనిశ్చితి కూడా ఉండి తీరాలి.

వేగాన్ని, ఉష్ణోగ్రతను కలిపే సూత్రాన్ని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ 1889లో చెరకు చక్కెర విలోమం మీద రాసిన వ్యాసంలో ప్రతిపాదించాడు. నేటి రూపంలో అది ఇలా ఉంటుంది:

```
k = A · exp(−Ea / RT)
ln k = ln A − (Ea / R) · (1/T)
```

ఇందులో k రేటు స్థిరాంకం, T కెల్విన్లలో ఉష్ణోగ్రత, R వాయు స్థిరాంకం, Ea ఉత్తేజన శక్తి. A ను పౌనఃపున్య గుణకం అంటారు. మొదటి పంక్తి ప్రకారం ఉష్ణోగ్రతకు ఎదురుగా k ని గీస్తే వచ్చేది మొదట నేలకు అంటుకుని పాకి, తర్వాత ఉన్నట్టుండి పైకి లేచే వక్రరేఖ. దానికి ప్రతి చోటా ఒక్కో వాలు ఉంటుంది కాబట్టి ఉత్తేజన శక్తి ఎంతో కంటికి కనబడదు. రెండో పంక్తి ఆ వక్రాన్ని సరళరేఖగా మార్చేస్తుంది. నిలువు అక్షం మీద k సహజ సంవర్గమానాన్ని, అడ్డ అక్షం మీద ఉష్ణోగ్రత విలోమాన్ని తీసుకుంటే చాలు. ఆ రేఖ కిందికి వాలుతుంది, దాని వాలు −Ea/R. వాలును R తో గుణించి గుర్తు మార్చితే ఉత్తేజన శక్తి వచ్చినట్టే.

ఈ పని ఎలా సాగుతుందో చూడటానికి రసాయన గతిశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో తరతరాలుగా వస్తున్న ఒక ఉదాహరణ ఉంది. డైనైట్రోజన్ పెంటాక్సైడ్ అనే వాయువు వేడికి నైట్రోజన్ డయాక్సైడ్‌గా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. ఫారింగ్టన్ డేనియల్స్, ఎల్మర్ జాన్‌స్టన్ ఈ చర్యను కొలిచి 1921లో ఫలితాలు ప్రచురించారు. రెండు అణువులు విడిపోతే నాలుగు నైట్రోజన్ డయాక్సైడ్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు పుడతాయి కాబట్టి మూసిన పాత్రలో పీడనం పెరుగుతుంది. ఆ పెరుగుదలను కాలంతో పాటు గమనిస్తే రేటు స్థిరాంకం తెలుస్తుంది. పాఠ్యపుస్తకాలు ఇచ్చే ఆరు విలువలు ఇవి:

| ఉష్ణోగ్రత (°C) | k (సెకనుకు, 10⁻⁵ లెక్కన) | 1000/T | ln k |
|---|---|---|---|
| 0 | 0.0787 | 3.661 | −14.055 |
| 25 | 3.46 | 3.354 | −10.272 |
| 35 | 13.5 | 3.245 | −8.910 |
| 45 | 49.8 | 3.143 | −7.605 |
| 55 | 150 | 3.047 | −6.502 |
| 65 | 487 | 2.957 | −5.325 |

రెండో నిలువు వరుసను ఇలా చదువుకోవచ్చు. 25 డిగ్రీల దగ్గర లక్ష అణువులుంటే సెకనుకు దాదాపు మూడున్నర విడిపోతాయి. 35 డిగ్రీలకు వచ్చేసరికి ఆ సంఖ్య పదమూడున్నర అవుతుంది, అంటే పది డిగ్రీలకే వేగం నాలుగింతలకు దగ్గరగా పెరిగింది. సున్నా డిగ్రీల దగ్గర వాయువు సగం తరగడానికి పది రోజులు పడితే, 65 దగ్గర రెండున్నర నిమిషాలు కూడా పట్టదు. మొత్తం మీద k ఆరువేల రెట్లకు పైగా మారింది. ఇంత విస్తృతి ఉన్న దత్తాంశం దొరకడం అరుదు, ఈ ఉదాహరణ ఇన్నేళ్లు నిలవడానికి అదే కారణం.

ఇక రేఖ గీయాలి. ఆరు బిందువులూ కచ్చితంగా ఒకే రేఖ మీద పడవు. అందుకే ప్రతి బిందువూ రేఖకు నిలువుగా ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాల వర్గాల మొత్తం అతి తక్కువగా ఉండే రేఖను ఎంచుకుంటారు. ఇదే కనిష్ఠ వర్గాల పద్ధతి. మొదట అడ్డ అక్షపు సగటు (1000/T లెక్కన 3.2347), నిలువు అక్షపు సగటు (−8.778) కనుక్కోవాలి. ప్రతి బిందువుకూ ఈ సగటుల నుంచి ఉన్న తేడాలను రెండు రకాలుగా కూడాలి. అడ్డ తేడాల వర్గాల మొత్తం 0.3165. అడ్డ తేడాను నిలువు తేడాతో గుణించి కూడితే −3.921. రెండో దాన్ని మొదటిదానితో భాగిస్తే −12.388. అడ్డ అక్షాన్ని వెయ్యితో గుణించి వాడాం కాబట్టి అసలు వాలు −12,388 కెల్విన్లు. దాన్ని 8.314తో గుణిస్తే మోల్‌కు 1,03,000 జౌళ్లు, అంటే 103.0 కిలోజౌళ్లు.

చాలా ప్రయోగశాల రికార్డు పుస్తకాల్లో లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. నిజానికి అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఇదే ప్రయోగాన్ని అంతే జాగ్రత్తగా మళ్లీ చేస్తే 103 వస్తుందా, 104 వస్తుందా, 110 వస్తుందా? దీనికి జవాబు ఆ ఆరు బిందువుల్లోనే ఉంది, అవి రేఖ నుంచి ఎంత చెదిరాయో అందులో ఉంది.

రేఖ చెప్పే ln k విలువను కొలిచిన విలువలోంచి తీసేస్తే మిగిలేదాన్ని అవశేషం అంటారు. సున్నా డిగ్రీల నుంచి వరుసగా ఇక్కడి అవశేషాలు: +0.004, −0.015, −0.002, +0.040, −0.044, +0.017. సంవర్గమానాలతో పనిచేయడంలో ఒక సౌకర్యం ఉంది. ln k లో 0.04 తేడా అంటే k లో సుమారు 4 శాతం తేడా. కాబట్టి 45 డిగ్రీల విలువ రేఖ కన్నా 4 శాతం ఎక్కువగా, 55 డిగ్రీల విలువ అంతకు కొంచెం మించి తక్కువగా వచ్చాయని చూడగానే తెలుస్తుంది. అవశేషాల వర్గాలను కూడితే 0.00407. దీన్ని ఆరుతో కాక నాలుగుతో భాగించాలి, ఎందుకంటే ఉన్న ఆరు కొలతల్లో రెండింటి విలువ రేఖ వాలును, ఎత్తును నిర్ణయించడానికే ఖర్చయిపోయింది. భాగించి వర్గమూలం తీస్తే 0.032. ఈ ప్రయోగంలో ఒక్కో రేటు స్థిరాంకం ఇంచుమించు 3 శాతం అటూ ఇటూ ఊగుతోందని దీని అర్థం.

ఈ 0.032ను అడ్డ తేడాల వర్గాల మొత్తపు వర్గమూలంతో, అంటే 0.5626తో భాగిస్తే వాలు ప్రామాణిక దోషం వస్తుంది: 0.0567, అసలు ప్రమాణంలో 57 కెల్విన్లు. R తో గుణిస్తే మోల్‌కు 0.47 కిలోజౌళ్లు.

దీన్ని అలాగే ± పక్కన రాసేయడం తరచూ కనిపించే పొరపాటు. ప్రామాణిక దోషం ఇచ్చే భరోసా తక్కువ. బిందువులు ఎన్నో ఉన్నప్పుడే ఆ పరిధిలో అసలు విలువ ఉండే అవకాశం మూడింట రెండు వంతులు, ఆరు బిందువులతో అది ఇంకా తగ్గుతుంది. 95 శాతం నమ్మకం కావాలంటే స్టూడెంట్ టి పట్టికలో చూసి ఒక గుణకం తీసుకోవాలి. ఆరు బిందువులున్నప్పుడు, రెండు తీసేయగా మిగిలిన నాలుగుకు ఆ గుణకం 2.776. బిందువులు వందల్లో ఉంటే ఇది 2కు దగ్గరగా ఉండేది. బిందువులు తక్కువైనందుకు చెల్లించే మూల్యం ఇది. నాలుగే బిందువులుంటే గుణకం 4.303కు, మూడే ఉంటే 12.71కి ఎగబాకుతుంది. మూడు ఉష్ణోగ్రతల దగ్గర కొలిచి ఉత్తేజన శక్తిని దశాంశ స్థానంతో సహా ప్రకటించే నివేదికలను ఎందుకు అనుమానించాలో ఈ ఒక్క సంఖ్య చెబుతుంది. ప్రస్తుత ఉదాహరణలో 0.47ను 2.776తో గుణిస్తే 1.3. కాబట్టి ఫలితం: మోల్‌కు 103.0 ± 1.3 కిలోజౌళ్లు.

ఇదంతా చేతితో చేయనక్కర్లేదు. ఎక్సెల్ షీటులో C వరుసలో 1/T, D వరుసలో ln k ఉంటే ఈ రెండు ఫార్ములాలు సరిపోతాయి:

```
=LINEST(D2:D7, C2:C7, TRUE, TRUE)
=T.INV.2T(0.05, 4)
```

మొదటిది ఇచ్చే పట్టికలో పై వరుసలో వాలు, అంతరఖండం ఉంటాయి. వాటి కిందనే ఒక్కొక్కదాని ప్రామాణిక దోషం ఉంటుంది. రెండో ఫార్ములా 2.776 ఇస్తుంది. గ్రాఫు మీద క్లిక్ చేసి గీయించే ట్రెండ్‌లైన్ మాత్రం వాలును చూపి దాని దోషాన్ని చూపదు. ఆ దోషాన్ని చాలామంది మరిచిపోవడానికి ఇదీ ఒక కారణమే.

ట్రెండ్‌లైన్ దానికి బదులు R² అనే సంఖ్యను ముందుకు తెస్తుంది. ఇక్కడ అది 0.9999. అంత చక్కటి సంఖ్య చూశాక ఇక అనిశ్చితి ఏముంటుందనిపిస్తుంది. కానీ ఇవే బిందువుల్లో పక్కపక్కన ఉన్న రెండేసి తీసుకుని వాలు కట్టి చూస్తే సంగతి బయటపడుతుంది. 45, 55 డిగ్రీల విలువలతో వచ్చే ఉత్తేజన శక్తి 96 కిలోజౌళ్లు. 55, 65 విలువలతో 109. ఒకే చర్య, ఒకే పట్టిక, తేడా 13 కిలోజౌళ్లు. k వేల రెట్లు మారినప్పుడు R² ఎలాగూ ఒకటికి దగ్గరగానే ఉంటుంది. అది చెప్పేది ఉష్ణోగ్రతతో వేగం మారుతోందని మాత్రమే, ఆ సంగతి ముందే తెలుసు. వాలు ఎంత గట్టిగా తెలిసిందన్నది అది చెప్పదు.

రెండు దగ్గరి బిందువులతో ఇంత తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే ప్రయోగాన్ని ఎలా రచించాలో కూడా తెలుస్తుంది. మేస్త్రీ పునాదికి దారం కట్టేటప్పుడు రెండు మేకులూ దగ్గరగా పాతితే, ఒక మేకు వేలెడు పక్కకు జరిగినా దారం దిశ పూర్తిగా మారిపోతుంది. మేకులు దూరంగా ఉంటే అదే వేలెడు తేడా పెద్దగా తెలియదు. ఇక్కడ మేకుల మధ్య దూరం ఉష్ణోగ్రతల విస్తృతి. ప్రామాణిక దోషం లెక్కలో హారంలో ఉన్న 0.5626 కొలిచేది దాన్నే.

సున్నా డిగ్రీల బిందువును పక్కన పెట్టి, మిగిలిన ఐదింటితో లెక్కంతా మళ్లీ చేస్తే ఈ సంగతి అంకెల్లో కనిపిస్తుంది. ఉత్తేజన శక్తి 103.2 వస్తుంది, దాదాపు మార్పు లేదు. కానీ ± విలువ 1.3 నుంచి 3.1కి పెరుగుతుంది. ఒక్క బిందువు తీసేస్తే అనిశ్చితి రెట్టింపును దాటింది. సగం తరగడానికే పది రోజులు పట్టే చర్యను మంచు ఉష్ణోగ్రత దగ్గర కొలవడం ఓపిక పరీక్షించే పని, అయినా ఈ ఫలితపు బలంలో సగానికి పైగా ఆ ఓపికే ఇచ్చింది. దీనికి మరో పక్క కూడా ఉంది. రేఖ మీద అంత పట్టు ఉన్న బిందువు తప్పయితే రేఖను తనవైపు లాక్కుంటుంది, పైగా తన అవశేషాన్ని చిన్నదిగా చూపించి తప్పును దాచేస్తుంది. ఇక్కడ దాని అవశేషం 0.004 మాత్రమే కావడం నిర్దోషిత్వానికి రుజువు కాదు. దాన్ని తీసేసినా వాలు మారలేదన్నదే అసలు రుజువు. చివరి బిందువుల విషయంలో ఈ పరీక్ష ఎప్పుడూ చేయదగినది.

మరో చిక్కు బిందువులకిచ్చే ప్రాధాన్యంలో ఉంది. సంవర్గమానం తీయకుండా, కంప్యూటర్ చేత నేరుగా k కు వక్రరేఖను అమర్చవచ్చు. కానీ అన్ని బిందువులనూ సమానంగా చూడమంటే లెక్క పాడవుతుంది. 65 డిగ్రీల k లో 3 శాతం దోషం అంటే 14.6 (పట్టిక ప్రమాణంలో), అది 35 డిగ్రీల దగ్గర కొలిచిన మొత్తం k కన్నా పెద్దది. కనిష్ఠ వర్గాల పద్ధతి ఆ పెద్ద అంకెలను తృప్తిపరచే ప్రయత్నంలో చల్లటి కొలతలను గాలికొదిలేస్తుంది. ప్రతి k లోనూ దోషం ఒకే శాతంగా ఉన్నప్పుడు సంవర్గమానం వాడితే అన్నిటికీ సమాన గౌరవం దక్కుతుంది. ఏదైనా ఒక ఉష్ణోగ్రత దగ్గర కొలత మిగతావాటికన్నా బలహీనమని ముందే తెలిస్తే, దాని దోషం వర్గానికి విలోమంగా తక్కువ బరువు ఇచ్చి రేఖ గీయాలి.

ఇంతవరకు చెప్పిన ± 1.3 బిందువుల చెదురును మాత్రమే లెక్కలోకి తీసుకుంది. అన్ని బిందువులనూ ఒకే తీరున జరిపే దోషం అవశేషాల్లో కనిపించదు. k లో అలాంటి దోషం ఉంటే భయం లేదు. ప్రతి k నూ 10 శాతం ఎక్కువగా కొలిచినా ln k అంతటా ఒకే మొత్తం పెరిగి రేఖ సమాంతరంగా పైకి జరుగుతుంది, వాలు చెక్కుచెదరదు. ఉష్ణోగ్రత సంగతి వేరు. 45 డిగ్రీల ప్రాంతంలో ఒక్క డిగ్రీకి ఈ చర్య వేగం 12 శాతం మారుతుంది. అంటే ఇక్కడ కనిపించిన 3 శాతం చెదురుకు నీటి తొట్టె ఉష్ణోగ్రత పావు డిగ్రీ ఊగితే చాలు. అది యాదృచ్ఛికమైన ఊగిసలాట కాబట్టి అవశేషాల్లో కనిపిస్తుంది. థర్మామీటరు గీతలే సాగి ఉంటే, ఉదాహరణకు సున్నా దగ్గర సరిగా ఉండి 65కు బదులు 65.5 చూపిస్తే, బిందువులన్నీ చక్కగా ఒకే రేఖ మీద కూర్చుంటాయి, ఉత్తేజన శక్తి మాత్రం 0.6 కిలోజౌళ్ల మేర తక్కువగా వస్తుంది. థర్మామీటరు మీద అంతటి అనుమానం నిజంగా ఉంటే దాన్ని వేరే దోషంగా తీసుకుని కలపాలి. 1.3, 0.6 ల వర్గాలను కూడి వర్గమూలం తీస్తే 1.4. వాయు స్థిరాంకం నుంచి వచ్చే దోషం మాత్రం ఏమీ లేదు. 2019లో ప్రమాణాలను కొత్తగా నిర్వచించాక R విలువ కచ్చితమైన సంఖ్య అయింది.

రేఖ నిజంగా సరళరేఖేనా అన్నది కూడా అడగాలి. అవశేషాలు రెండు చివర్లా ధనాత్మకంగా, మధ్యలో రుణాత్మకంగా, లేదా దానికి తిరగేసి వరుసగా వస్తుంటే రేఖలో వంపు ఉన్నట్టు. ఉత్తేజన శక్తి ఉష్ణోగ్రతతో మారుతోందని గాని, ఒక చోట ఒక దారిలో నడిచే చర్య మరో చోట వేరే దారి పట్టిందని గాని అప్పుడు అనుమానించాలి. ఇక్కడి అవశేషాల్లో అలాంటి క్రమం కనిపించదు. అయినా సరళరేఖ వచ్చినంత మాత్రాన చర్య ఒకే అడుగులో జరిగినట్టు కాదు. ఈ విచ్ఛిన్నాన్ని మొదట్లో ఏకాణుక చర్యగానే భావించారు. రిచర్డ్ ఆగ్ 1947లో వేరే మార్గం చూపాడు. పెంటాక్సైడ్ ముందు నైట్రోజన్ డయాక్సైడ్‌గా, నైట్రోజన్ ట్రయాక్సైడ్‌గా విడిపోతుంది, వాటిలో ఎక్కువ భాగం మళ్లీ కలిసిపోతుంది, ఎప్పుడో ఒకసారి మాత్రం ఆ రెండూ ఢీకొని ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. అందుచేత 103 కిలోజౌళ్లన్నది ఒక్క అడుగుకు కావలసిన శక్తి కాదు. మొదటి విడిపోవడానికి పట్టే ఉష్ణం, తర్వాతి అడుగు ఉత్తేజన శక్తి అందులో కలిసి ఉన్నాయి. కొలిచిన సంఖ్య, దాని ± రెండూ చెల్లుతాయి. దాన్ని ఏ అడుగుకు అంటగట్టాలన్నది గ్రాఫు తేల్చగల విషయం కాదు.

రేఖ నుంచి వచ్చే రెండో సంఖ్య A. దీని అనిశ్చితి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అంతరఖండం 31.29 ± 0.51. సంవర్గమానం విప్పితే A సెకనుకు 3.9 × 10¹³, కానీ అది 2.3 × 10¹³ నుంచి 6.5 × 10¹³ వరకు ఎక్కడైనా ఉండవచ్చు. వాలు ఒక శాతం మేరకు తెలిసినా, A దాదాపు మూడింతల పరిధిలో తేలుతోంది. 1/T సున్నా అయ్యే చోటు కొలిచిన బిందువుల నుంచి ఎంతో దూరంగా ఉండటమే ఇందుకు కారణం. వాలు కాస్త పెరిగితే అంతరఖండమూ తప్పకుండా పెరుగుతుంది, రెండూ కలిసే కదులుతాయి.

ఈ జత కదలికను మరిస్తే అనిశ్చితి వృథాగా పెరిగిపోతుంది. 100 డిగ్రీల దగ్గర k ఎంతో ఈ రేఖతో ఊహించాలనుకుందాం. Ea, A దోషాలను ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కలిపితే ln k లో ± 0.66 వస్తుంది, అంటే జవాబు రెట్టింపయినా సగమయినా ఆశ్చర్యపోనక్కర్లేదని. సంబంధాన్ని లెక్కలోకి తీసుకుంటే ± 0.09, అంటే పది శాతం లోపే. అందుకే A, Ea లతో పాటు వాటి సహసంబంధాన్ని కూడా ఇవ్వాలి, లేదా దత్తాంశం మధ్యనున్న ఒక ఉష్ణోగ్రత దగ్గర k ను దాని దోషంతో పేర్కొనాలి. ఇక్కడ ఆ మధ్య బిందువు 36 డిగ్రీలు, అక్కడ k దాదాపు 3.6 శాతం లోపు తెలుసు. ఫలితాన్ని పూర్తిగా రాస్తే ఇలా ఉంటుంది: ఉత్తేజన శక్తి మోల్‌కు 103.0 ± 1.3 కిలోజౌళ్లు; 95 శాతం నమ్మకం, ఆరు బిందువులు, 0 నుంచి 65 డిగ్రీల సెల్సియస్, బరువులు లేని ln k రేఖ, థర్మామీటరు దోషం కలపలేదు.